గ్రూప్ మెడికల్ రెన్యూవల్‌లో రూమ్ రెంట్ లిమిట్, కో-పే వచ్చాయా? స్టాఫ్‌కి అర్థమయ్యేలా ఎలా చెప్పాలి

రెన్యూవల్ దగ్గర పడిందంటే చాలు, మా విశాఖలో ఆటోనగర్, పరవాడ, దువ్వాడ వైపు చిన్న కంపెనీల్లో హెచ్ఆర్, అకౌంట్స్ చూసేవాళ్ళ నుంచి నాకు ఒకటే ప్రశ్న వస్తుంది. "మేడం, ఈసారి రూమ్ రెంట్ లిమిట్ పెట్టారు, పేరెంట్స్‌కి కో-పే పెట్టారు, ఇది స్టాఫ్‌కి ఎలా చెప్పాలి?" రూమ్ రెంట్ లిమిట్ అంటే రోజుకి ఎంత రేటు రూమ్ వరకు ఇన్సూరెన్స్ ఒప్పుకుంటుందో ఆ హద్దు, కో-పే అంటే ఒప్పుకున్న క్లెయిమ్‌లో మనం కట్టాల్సిన వాటా. ఒక్కొక్కరికి ఫోన్‌లో చెప్పే బదులు అంతా ఒకేచోట రాసేస్తున్నా.

నేను కూడా మొదటిసారి తప్పే చేశాను. బ్రోకర్ పంపిన ఇంగ్లీషు పేరా కాపీ చేసి, పైన "చిన్న మార్పులు ఉన్నాయి, గమనించగలరు" అని పెట్టి మెయిల్ చేసేశాను. రెండు నెలలకి మా ఫిట్టర్ ఒకాయన వాళ్ళమ్మగారిని ఆపరేషన్‌కి చేర్చారు, డిశ్చార్జ్ రోజు సాయంత్రం బిల్లింగ్ కౌంటర్ దగ్గర నిలబడి నాకు ఫోన్ చేసి "మేడం, ఇన్సూరెన్స్ ఉంది కదా, నలభై వేలు పైన కట్టమంటున్నారు ఏంటి" అన్నారు. ఆయన రూమ్ ఎంచుకునే ముందు నేను ఒక్క ముక్క సరిగ్గా చెప్పి ఉంటే అందులో చాలా వరకు మిగిలేది. అప్పటి నుంచి ఈ పద్ధతిలో చేస్తున్నా.

ముందు చేతిలో ఉండాల్సినవి

పాత పాలసీ కాపీ, కొత్త రెన్యూవల్ టర్మ్స్ (కొటేషన్ కాదు, కంపెనీ ఓకే చేసిన ఫైనల్ టర్మ్స్), గ్రేడ్ వారీగా ఎవరికి ఎంత సమ్ ఇన్సూర్డ్, అంటే ఎంత కవర్ అన్న లిస్ట్, ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున క్లెయిమ్‌లు చూసే టీపీఏ వాళ్ళ నెట్‌వర్క్ హాస్పిటళ్ళ లిస్ట్. వీటితో పాటు పోయిన ఏడాది వచ్చిన క్లెయిమ్ సెటిల్‌మెంట్ లెటర్ ఒకటి, పేరు కొట్టేసి పెట్టుకోండి. బిల్లు నిజంగా ఎలా కట్ అవుతుందో అందులోనే కనబడుతుంది.

టైమ్ విషయానికొస్తే, రెన్యూవల్ తేదీకి కనీసం మూడు వారాల ముందు చెప్పండి. పేరెంట్స్ ప్రీమియం స్టాఫ్ జీతంలోంచి కట్ అయ్యే కంపెనీ అయితే ఇంకా ముందే చెప్పాలి, ఎందుకంటే కో-పే వచ్చిందని తెలిసాక కొందరు పేరెంట్స్‌ని ఉంచాలా తీసేయాలా అని ఇంట్లో మాట్లాడుకోవాలి కదా.

1. బ్రోకర్‌ని నాలుగు ప్రశ్నలు అడిగి, జవాబు మెయిల్‌లో తీసుకోండి

ఫోన్‌లో "అదే మేడం, మామూలుగా ఉండేదే" అంటారు, దాన్ని నమ్మి నోటీసు రాయకండి.

మొదటిది, రూమ్ రెంట్ లిమిట్‌లో నర్సింగ్ ఛార్జీ కలిపా, విడిగానా? ఇది చాలామంది అడగరు. చాలా పాలసీల్లో రూమ్, భోజనం, నర్సింగ్ అన్నీ కలిపే లిమిట్ ఉంటుంది. హాస్పిటల్ వాళ్ళు మాత్రం రూమ్ 2,800, నర్సింగ్ 600 అని విడివిడిగా వేస్తారు. మనవాడు 3,000 లోపే తీసుకున్నా అనుకుంటాడు, లెక్కలో అది 3,400 అయి లిమిట్ దాటిపోద్ది.

రెండోది, లిమిట్ దాటితే రూమ్ తేడా ఒక్కటే కట్ చేస్తారా, లేక మిగతా బిల్లులో కూడా అదే నిష్పత్తిలో కట్ చేస్తారా? రెండో రకాన్నే ప్రపోర్షనేట్ డిడక్షన్ అంటారు, అసలు దెబ్బ ఇదే.

మూడోది, కో-పే ఎవరి మీద? పేరెంట్స్ మీద మాత్రమేనా, అత్తమామలు కూడానా, ఉద్యోగి, భార్య, పిల్లల క్లెయిమ్‌ల మీద కూడానా?

నాలుగోది, రెన్యూవల్ తేదీకి ముందే చేరి, తర్వాత డిశ్చార్జ్ అయ్యేవాళ్ళ సంగతేంటి? మామూలుగా చేరిన తేదీని బట్టి పాత పాలసీలోకే వెళ్తుంది, కానీ ఆ మాట కూడా రాతలో ఉంటే ఆ వారంలో వచ్చే ఫోన్లకి మీరు ధైర్యంగా జవాబు చెప్పొచ్చు.

2. పర్సెంట్‌లని రూపాయల్లోకి మార్చండి

పాలసీలో "సమ్ ఇన్సూర్డ్‌లో 1 శాతం, ఐసీయూకి 2 శాతం" అని ఉంటుంది. హాస్పిటల్ కౌంటర్ దగ్గర టెన్షన్‌లో నిలబడినవాడు శాతాలు లెక్కేసుకోడు. గ్రేడ్ వారీగా మీరే రాసిపెట్టండి. 2 లక్షల కవర్ ఉన్నవాళ్ళకి రోజుకి 2,000, ఐసీయూ 4,000. 3 లక్షలకి 3,000, ఐసీయూ 6,000. 5 లక్షలకి 5,000, ఐసీయూ 10,000.

ఈ లిస్ట్ అందరికీ ఒకటే పంపకండి, ఎవరి గ్రేడ్ నంబర్ వాళ్ళకే పంపండి. ఒకసారి అందరికీ ఒకే మెయిల్‌లో మూడు నంబర్లు పెడితే ఆపరేటర్ ఒకాయన మేనేజర్ లిమిట్ గుర్తుపెట్టుకున్నాడు.

కొన్ని పాలసీల్లో రూపాయలు ఉండవు, "షేరింగ్ రూమ్" అనో "సింగిల్ ప్రైవేట్ ఏసీ" అనో రూమ్ రకం ఉంటుంది. అలాంటప్పుడు ఆ మాటనే రాయండి, మీరు అంచనాగా రూపాయలు వేయకండి. హాస్పిటల్‌కో పేరు ఉంటుంది, డీలక్స్ అనీ సెమీ డీలక్స్ అనీ, ఏది మనకి వర్తిస్తుందో టీపీఏ డెస్క్ దగ్గరే అడగమని చెప్పండి.

3. మీ స్టాఫ్ నిజంగా వెళ్ళే హాస్పిటళ్ళకి ఫోన్ చేయండి

మా వాళ్ళలో గాజువాక, కూర్మన్నపాలెం ఇళ్ళున్నవాళ్ళు దగ్గర్లోనే చూసుకుంటారు, పెద్ద కేసైతే రామ్‌నగర్ వైపో, ఆరిలోవ హెల్త్ సిటీకో వెళ్తారు. పోయిన ఏడాది క్లెయిమ్‌లు చూస్తే నాలుగైదు పేర్లే మళ్ళీ మళ్ళీ కనబడతాయి. ఆ నాలుగైదింటి ఇన్సూరెన్స్ డెస్క్‌కి ఫోన్ చేసి ఒకే ఒక ప్రశ్న అడగండి: "ఇన్సూరెన్స్ పేషెంట్‌కి నర్సింగ్‌తో కలిపి రోజుకి 3,000 లోపు ఏ రూమ్ వస్తుంది?"

ఏ హాస్పిటల్లోనూ ఆ రేటుకి షేరింగ్ రూమ్ కూడా రావట్లేదంటే మీ లిమిట్ ఈ ఊరి రేట్లకి సరిపోవట్లేదన్నమాట. అప్పుడు నోటీసు ఆపి మేనేజ్‌మెంట్ దగ్గరికి వెళ్ళండి, లిమిట్ కొంచెం పెంచితే ప్రీమియం ఎంత పెరుగుతుందో బ్రోకర్‌ని అడగండి. పాలసీ ఇష్యూ అవ్వకముందు ఈ బేరం ఆడొచ్చు, అయ్యాక కష్టం.

4. ఒక బిల్లు మొదటి నుంచి చివరి వరకు లెక్క వేసి చూపించండి

నోటీసులో ఎంత వివరంగా రాసినా జనాలకి ఎక్కేది ఈ లెక్కే. నేను వాడేది ఇది, రౌండ్ నంబర్లతో నేనే వేసుకున్న ఉదాహరణ, మీ గ్రేడ్‌కి తగ్గట్టు మార్చుకోండి.

ఉద్యోగి కవర్ 3 లక్షలు, అంటే రూమ్ లిమిట్ నర్సింగ్‌తో కలిపి 3,000. పేరెంట్స్‌కి 10 శాతం కో-పే. వాళ్ళమ్మగారికి గాల్‌బ్లాడర్ ఆపరేషన్, 4 రోజులు ఉన్నారు. "అమ్మకి సౌకర్యంగా ఉంటుంది" అని 5,000 రూమ్ తీసుకున్నారు.

బిల్లు ఇలా వచ్చింది. రూమ్ 20,000. డాక్టర్ విజిట్లు 10,000. సర్జన్, మత్తు డాక్టర్, ఆపరేషన్ థియేటర్ కలిపి 60,000. మందులు 25,000. టెస్టులు, స్కానింగ్‌లు 15,000. ఇన్సూరెన్స్ ఇవ్వని గ్లౌజులు, కిట్‌లు లాంటివి 5,000. మొత్తం 1,35,000.

ఇప్పుడు ఇన్సూరెన్స్ వాళ్ళు చూసేది: రావాల్సిన రూమ్ 3,000, తీసుకున్నది 5,000, అంటే 60 శాతం. రూమ్‌కి 20,000లో 12,000 ఇస్తారు. అక్కడితో ఆగదు, డాక్టర్ విజిట్లు, ఆపరేషన్ ఖర్చు కలిపి 70,000 ఉంది కదా, దానికీ అదే 60 శాతం, అంటే 42,000. మందులు, టెస్టులు 40,000 పూర్తిగా ఇస్తారు, 2020లో ఇన్సూరెన్స్ కంపెనీల మీద ఉండే నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఇచ్చిన రూల్స్ ప్రకారం మందులు, టెస్టులు, శరీరంలో పెట్టే ఇంప్లాంట్ల మీద ఈ నిష్పత్తి కోత వేయకూడదు. కలిపితే 94,000. ఇది ఒప్పుకున్న మొత్తం. దీని మీద 10 శాతం కో-పే, 9,400 మనం కట్టాలి. ఇన్సూరెన్స్ నుంచి వచ్చేది 84,600. జేబులోంచి కట్టేది 50,400.

అదే 3,000 రూమ్ తీసుకుని ఉంటే? రూమ్ 12,000. చిన్న రూమ్‌కి చాలా హాస్పిటళ్ళలో డాక్టర్, ఆపరేషన్ రేటు కూడా తక్కువే వేస్తారు, అది 56,000 అనుకుందాం. మందులు, టెస్టులు అదే 40,000, ఇవ్వనివి అదే 5,000. బిల్లు 1,13,000. ఒప్పుకునేది 1,08,000, కో-పే 10,800, ఇన్సూరెన్స్ ఇచ్చేది 97,200. జేబులోంచి 15,800.

ఇక్కడ ఒక నిమిషం ఆగి వాళ్ళనే అడగండి, రూమ్ తేడా రోజుకి 2,000, నాలుగు రోజులకి 8,000, మరి చేతి నుంచి ఎంత ఎక్కువ పోయింది? 34,600. మీటింగ్‌లో ఈ నంబర్ బోర్డు మీద రాసినప్పుడు ఎప్పుడూ ఒకరు అంటారు, "అదేంటి మేడం, రూమ్‌కి ఎక్స్‌ట్రా ఎనిమిది వేలే కదా, అది నేనే కట్టుకుంటాను అనుకున్నా". ఆ మాట వచ్చిందంటే విషయం అర్థమైనట్టే, మళ్ళీ ఒకసారి నెమ్మదిగా లెక్క తిప్పి చెప్పండి, మిగతా వాళ్ళకి కూడా ఎక్కుతుంది.

ఐసీయూకి లిమిట్ విడిగా ఉంటుంది, ఐసీయూ ఛార్జీల మీద ఈ నిష్పత్తి కోత ఉండకూడదు అని కూడా చెప్పండి, లేకపోతే సీరియస్ కేసులో ఐసీయూ వద్దనే ప్రమాదం ఉంది. ఇది తేలిగ్గా తీసుకోకండి.

5. నోటీసు మాట్లాడే తెలుగులో రాయండి

"సహ చెల్లింపు", "గది అద్దె పరిమితి" అని పుస్తకం తెలుగులో రాస్తే ఎవరికీ తలకెక్కదు. హాస్పిటల్లో వాళ్ళు వినేది కో-పే, రూమ్ రెంట్, ఆ మాటలే వాడి పక్కనే అర్థం చెప్పండి. నేను పంపేది దాదాపు ఇలా ఉంటుంది:

"అందరికీ నమస్తే. వచ్చే నెల 1 నుంచి మన గ్రూప్ మెడికల్‌లో రెండు మారుతున్నాయి. రెండూ మన జేబు మీద పడేవే, అందుకే పూర్తిగా చదవండి.

ఒకటి, రూమ్ రెంట్ లిమిట్. మీ కవర్ 3 లక్షలు కాబట్టి నర్సింగ్‌తో కలిపి రోజుకి 3,000 వరకు రూమ్ తీసుకోవచ్చు. ఐసీయూకి 6,000. ఇంతకంటే ఎక్కువ రూమ్ తీసుకుంటే రూమ్ తేడా ఒక్కటే కాదు, డాక్టర్, ఆపరేషన్ బిల్లులో కూడా కొంత మీరే కట్టాలి. ఉదాహరణ కింద ఉంది.

రెండు, కో-పే. అమ్మానాన్నల క్లెయిమ్‌లో ఇన్సూరెన్స్ ఒప్పుకున్న ప్రతి 100 రూపాయల్లో 10 మీరు కట్టాలి. క్యాష్‌లెస్ అయినా డిశ్చార్జ్ రోజు ఇది కట్టాలి. మీకు, మీ భార్య లేదా భర్తకి, పిల్లలకి కో-పే లేదు.

మారనివి: సమ్ ఇన్సూర్డ్, పాత జబ్బులకి కవర్, మెటర్నిటీ. వచ్చే నెల 1కి ముందు హాస్పిటల్లో చేరినవాళ్ళకి పాత రూల్సే.

హాస్పిటల్లో రూమ్ ఒప్పుకునే ముందు ఫోన్ చేయండి." ఇక్కడ మీ నంబరు, టీపీఏ నంబరు.

నాలుగో పేరాలో "మారనివి" మీ పాలసీలో నిజంగా మారలేదని చూసుకున్నాకే రాయండి. అది ఉంటే సగం భయం పోతుంది, లేకపోతే "మొత్తం తీసేశారంట" అని క్యాంటీన్‌లో పుకారు మొదలవుద్ది.

ఎందుకు మార్చారో కూడా ఒక్క వాక్యంలో నిజం చెప్పండి. పోయిన ఏడాది క్లెయిమ్‌లు ప్రీమియం కంటే ఎక్కువ వచ్చి పాత టర్మ్స్‌తో రెన్యూవల్ చాలా ఖరీదైతే అదే చెప్పండి. కానీ ఎవరి క్లెయిమ్ అన్నది ఎక్కడా రాకూడదు. చిన్న కంపెనీలో "ఒక పెద్ద హార్ట్ కేసు వచ్చింది" అంటే చాలు, అందరికీ ఎవరో తెలిసిపోద్ది, ఆ మనిషి తలెత్తుకోలేడు.

6. షిఫ్ట్ వారీగా నోటితో చెప్పండి, ఇంట్లోవాళ్ళకి కూడా చేరేలా చూడండి

ఏ షిఫ్ట్, బీ షిఫ్ట్, జనరల్ షిఫ్ట్, ఒక్కోదానికి పదిహేను ఇరవై నిమిషాలు చాలు. నైట్ షిఫ్ట్ వాళ్ళని వదిలేయకండి, వాళ్ళు డ్యూటీ దిగే టైమ్‌కి కాదు, ఎక్కే ముందు చెప్పండి, దిగేటప్పుడు బస్సు మీదే ధ్యాస ఉంటుంది.

అసలు రూమ్ ఎంచుకునేది చాలాసార్లు ఉద్యోగి కాదు. ఆయన ప్లాంట్‌లో ఉంటాడు, హాస్పిటల్లో ఉండేది భార్యో, తమ్ముడో, బావమరిదో. అందుకే నేను రెండు నిమిషాల వాయిస్ మెసేజ్ తెలుగులో రికార్డ్ చేసి "ఇంట్లో వాళ్ళకి ఫార్వర్డ్ చేయండి" అని పెడతా. ఈ-కార్డ్ ప్రింట్ వెనక "రూమ్ లిమిట్ నర్సింగ్‌తో కలిపి 3,000, ఐసీయూ 6,000" అని స్కెచ్ పెన్‌తో రాయించినా చాలు, ఖర్చు లేని పని, బాగా ఉపయోగపడింది.

ఈఎస్ఐలో ఉన్నవాళ్ళు (నెల జీతం 21,000 లోపు) ఈ మీటింగ్‌లో తికమక పడతారు. వాళ్ళు గ్రూప్ మెడికల్‌లో లేకపోతే ఇది వాళ్ళకి వర్తించదని మొదట్లోనే చెప్పేయండి.

7. పేరెంట్స్‌ని తీసేస్తామనే వాళ్ళతో ఆగి మాట్లాడండి

కో-పే మాట వినగానే "అయితే వద్దులెండి మేడం, అమ్మానాన్నని తీసేయండి, ప్రీమియం మిగులుద్ది" అనేవాళ్ళు ఉంటారు. వాళ్ళ నిర్ణయం వాళ్ళదే, కానీ ఇప్పుడు తీసేస్తే మామూలుగా మళ్ళీ వచ్చే రెన్యూవల్ దాకా చేర్చడం కుదరదు, బయట కొత్త పాలసీ తీసుకుంటే షుగర్, బీపీ లాంటి పాత జబ్బులకి వెయిటింగ్ పీరియడ్ ఉండొచ్చు. ఒప్పుకున్న మొత్తంలో 10 శాతం కట్టడం అంటే 90 శాతం వస్తున్నట్టే కదా. ఈ రెండు ముక్కలు చెప్పి, రెండు రోజులు టైమ్ ఇచ్చి, సంతకంతో తీసుకోండి.

ఎక్కువగా జరిగే తప్పులు

"కో-పే అంటే బిల్లులో 10 శాతం" అని చెప్పడం. బిల్లు మీద కాదు, కోతలన్నీ పోగా ఒప్పుకున్న మొత్తం మీద. పై ఉదాహరణలో బిల్లు మీద లెక్కేస్తే 13,500 వస్తుంది, నిజానికి 9,400. అలాగే కో-పే కట్టేశాం కాబట్టి గ్లౌజులు, కిట్‌ల డబ్బు కూడా అందులోనే అనుకుంటారు, అది వేరు.

"రూమ్ ఖాళీ లేకపోతే పెద్ద రూమ్ తీసుకోండి, చూసుకుందాం" అని మాటివ్వడం. అర్ధరాత్రి ఎమర్జెన్సీలో నిజంగానే లిమిట్‌లో రూమ్ దొరక్కపోవచ్చు. అప్పుడు రూమ్ ఖాళీ లేదని హాస్పిటల్ లెటర్ తీసుకోమనండి, వెంటనే టీపీఏకి మెయిల్ పెట్టండి, చిన్న రూమ్ ఖాళీ అవ్వగానే మారమనండి. కొన్నిసార్లు ఒప్పుకుంటారు, కొన్నిసార్లు ఒప్పుకోరు, అందుకే "చూసుకుందాం" అనే మాట మీ నోటి నుంచి రాకూడదు.

ఇంకోటి, సెటిల్‌మెంట్ వచ్చాక చూడకుండా వదిలేయడం. మందుల మీద, ఇంప్లాంట్ మీద కూడా 60 శాతం వేసేసిన లెటర్లు నేను చూశాను. రూమ్ ఏదైనా ఆపరేషన్ రేటు ఒకటే ఉన్న హాస్పిటల్ అయితే అసలు ఆ నిష్పత్తి కోతే వేయకూడదు, ఆ మాట హాస్పిటల్ నుంచి రాయించుకుని బ్రోకర్ ద్వారా మళ్ళీ చూడమని పంపండి.

అర్థమైందో లేదో ఎలా తెలుసుకోవాలి

"అర్థమైందా?" అని అడిగితే అందరూ తలూపుతారు, అది లెక్కలోకి రాదు. ప్రతి షిఫ్ట్‌లో ముగ్గురిని పట్టుకుని మూడు అడగండి. మీ రూమ్ లిమిట్ ఎంత? 4,000 రూమ్ తీసుకుంటే రూమ్ తేడా కాకుండా ఇంకేం కట్ అవుద్ది? మీ పాప హాస్పిటల్లో చేరితే కో-పే ఉందా? ముగ్గురిలో ఇద్దరు రెండో దానికి తడబడితే ఆ షిఫ్ట్‌కి లెక్క మళ్ళీ చెప్పాల్సిందే. అది తప్పిన షిఫ్ట్‌లోనే డిశ్చార్జ్ రోజు గొడవలు వస్తాయి.

ఆ తర్వాత మొదటి రెండు మూడు నెలలు ప్రతి అడ్మిషన్‌కి క్యాష్‌లెస్ అప్రూవల్‌లో ఏ రూమ్, ఎంత రేటు రాశారో చూడండి. ప్లాన్డ్ ఆపరేషన్ అయితే చేరకముందే ఇది తెలిసిపోద్ది, లిమిట్ దాటి కనబడితే ఆ రోజే ఫోన్ చేయండి, మొదటి రోజే రూమ్ మార్చుకుంటే నష్టం చాలా తగ్గుతుంది. మారేటప్పుడు బిల్లింగ్‌లో రూమ్ క్యాటగిరీ కూడా మార్చారా అని అడగమనండి, మంచం మారినా సిస్టమ్‌లో పాత క్యాటగిరీయే ఉండిపోతే కోత పాత రేటు మీదే పడుతుంది.

నేనైతే ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటా, ఫోన్ రూమ్ తీసుకునే ముందు వచ్చిందా, బిల్లు వచ్చాక వచ్చిందా అని. మొదటి ఏడాది దాదాపు అన్నీ బిల్లు తర్వాతే. ఇలా చెప్పడం మొదలుపెట్టిన ఏడాది, ఆ ఫిట్టర్ గారే వాళ్ళ నాన్నగారి కంటి ఆపరేషన్‌కి ముందు రోజు ఫోన్ చేసి, "మేడం, నర్సింగ్ కలిపి 2,900 అంట, తీసుకోమంటారా?" అని అడిగారు.